కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టే రోజు అంగడి సిబ్బందితో ఏం మాట్లాడాలి: సమగ్ర మార్గదర్శి

తిరుపతిలో మాది కిరాణా అంగడి. కౌంటర్ల దగ్గర ముగ్గురు, సరుకు తూచి కట్టే చోట నలుగురు పనిచేస్తారు. చేతితో బిల్లులు రాసే పద్ధతి మాని కంప్యూటర్ బిల్లింగుకు మారిన మొదటి రోజు, సాఫ్ట్‌వేర్ అమర్చడానికి వచ్చిన అబ్బాయి చేత ముప్పావు గంట సేపు ప్రతి మెనూ నేనే అడిగి మరీ చెప్పించాను. అందరూ తలలూపారు. పదకొండు గంటలకు జనం పెరిగారు. ఒక పెద్దావిడ అర కిలో ఉద్దిపప్పు అడిగారు. మా కౌంటర్‌లోని అమ్మాయి తెర మీద ఎంత వెతికినా ఆ పేరు కనపడలేదు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని మినపప్పుగా ఎక్కించాము. వరుసలో వెనక ఉన్నవాళ్లు విసుక్కోవడంతో ఆ అమ్మాయి పాత బిల్లు పుస్తకం బయటికి తీసింది. మధ్యాహ్నానికి మూడు కౌంటర్లలోనూ పుస్తకాలే నడిచాయి. ఆ రాత్రి ఏ లెక్కా ఏ లెక్కతోనూ కలవలేదు.

మూడు వారాల తర్వాత మళ్లీ మొదలుపెట్టినప్పుడు మెనూల గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. పన్నెండు నిమిషాలు మాట్లాడాను, ఒకే ఒక బిల్లు చేసి చూపించాను. ఆ రోజు పాత పుస్తకం ఎవరూ తీయలేదు. సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందన్నది సిబ్బంది నాలుగు రోజుల్లో వాడుతూ నేర్చుకుంటారు. అది పనిచేయనట్టు కనిపించిన క్షణంలో ఏం చేయాలి, తప్పు జరిగితే ఎవరికి చెప్పాలి, ఆ తప్పు ఎవరి మీద పడుతుంది అన్న మూడు విషయాలు మాత్రం యజమాని నోటి నుంచే రావాలి. ఈ మార్గదర్శి ఆ మాటల కోసమే.

రోజును, వేళను ఎంచుకోవడం

కిరాణా అంగడికి నెల మొదటి వారం జీతాల సరుకుల వారం కాబట్టి అప్పుడు మొదలుపెట్టకూడదు. మన ఊరిలో శని, ఆదివారాలు యాత్రికుల రద్దీ ఉంటుంది, గంగ జాతర వారంలోనూ బ్రహ్మోత్సవాల రోజుల్లోనూ ఊపిరి సలపదు. నెలలో ఇరవయ్యో తేదీ దాటిన తర్వాత వచ్చే మంగళవారమో బుధవారమో నా అనుభవంలో అన్నిటికంటే అనువైనది. మాటలు షట్టర్ ఎత్తడానికి అరగంట ముందు జరగాలి. ఒక్క కొనుగోలుదారు లోపలికి వచ్చినా సిబ్బంది చూపు అటే పోతుంది.

ముందురోజు రాత్రి రెండు పనులు

మొదటిది సరుకుల పేర్ల పని. సాఫ్ట్‌వేర్‌లో సరుకుల జాబితాను సాధారణంగా వేరే ఊరివాళ్లు ఎక్కిస్తారు, లేదా పంపిణీదారు బిల్లులో ఉన్న పేరునే దించుతారు. మన కొనుగోలుదారులు కందిబేడలు, పెసరబేడలు, ఉద్దిపప్పు, చెనక్కాయలు, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు అని అడుగుతారు. సిబ్బంది చెవిన పడేది ఆ మాటే, వాళ్లు తెర మీద వెతికేదీ ఆ మాటనే. అందువల్ల బార్‌కోడ్ లేని లూజు సరుకులన్నిటికీ రెండంకెల కోడ్ ఒకటి ఇచ్చి, దాని పక్కన మన వాడుక పేరును పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, ప్రతి కౌంటర్‌లోనూ కీబోర్డు పక్కన అట్టకు అంటించాలి. కందిబేడలు 11, ఉద్దిపప్పు 12, పెసరబేడలు 13 అన్నట్టు పప్పులన్నీ ఒక వరుసలోనూ, చక్కెర, బెల్లం మరొక వరుసలోనూ ఉండాలి. మా అంగడిలో ఈ అట్ట మీద నలభై రెండు సరుకులు పట్టాయి. మొదటి రోజు కౌంటర్లలో వెతుకులాట లేకుండా పోవడానికి కారణం ఈ అట్టే.

రెండవది ఒక మనిషితో విడిగా మాట్లాడడం. ప్రతి పాత అంగడిలోనూ యజమాని తండ్రి కాలం నుంచి పనిచేసే పెద్దమనిషి ఒకరు ఉంటారు. మా దగ్గర ఆయనను అందరూ పెద్దన్న అంటారు. ఇరవై సరుకుల చీటీని పెన్ను పెట్టకుండా కూడి చెప్పగల మనిషి, కానీ ఇంగ్లీషు చదవలేరు. ఇరవై ఏళ్ల పిల్లల ముందు ఆయనకు హఠాత్తుగా కంప్యూటర్ చూపిస్తే ఆ అవమానం ఆయన మనసులోంచి పోదు, మిగిలినవాళ్లు కూడా ఆయన ముఖం చూసి ఈ మార్పును తూకం వేస్తారు. నేను ముందురోజు రాత్రి అంగడి కట్టేసిన తర్వాత ఆయన పక్కన కూర్చుని, "అన్నా, రేపు కీబోర్డు దగ్గర మిమ్మల్ని కూర్చోబెట్టను. యంత్రం కూడిన లెక్క సరిగ్గా ఉందో లేదో అందరి ముందు మీరు నోటిలెక్కతో సరిచూడాలి" అని చెప్పాను. మరునాడు ఆయన చేసిన ఆ పని నా మాటలన్నిటికంటే ఎక్కువ నమ్మకం కలిగించింది.

మాటను ఎక్కడ మొదలుపెట్టాలి

చాలామంది యజమానులు కొత్త సాఫ్ట్‌వేర్ వల్ల వ్యాపారానికి కలిగే లాభాలతో మొదలుపెడతారు. నిలబడి వింటున్న మనిషి మనసులో ఉన్న ప్రశ్న అది కాదు. "ఇది మమ్మల్ని పట్టుకోవడానికి పెట్టారా? లెక్క తగ్గితే జీతంలో కోస్తారా?" అన్నదే ఆ ప్రశ్న. దానికి మొదటి రెండు నిమిషాల్లోనే జవాబు చెప్పాలి, ఆ జవాబు నిజమై ఉండాలి.

నేను చెప్పిన మాటలు దాదాపుగా ఇవి: "ఈ రోజు నుంచి ప్రతి బిల్లు మీద దాన్ని చేసినవారి పేరు పడుతుంది. ఆ సంగతి దాచను. ఇన్నాళ్లూ డ్రాయర్‌లో డబ్బు తగ్గితే ముగ్గురి మీదా అనుమానం పడేది, ఇక మీదట పడదు. అందుకే మీ పాస్‌వర్డ్‌ను పక్కవారికి చెప్పవద్దు, టీ తాగడానికి వెళ్లినా సాఫ్ట్‌వేర్‌లోంచి లాగౌట్ అయి వెళ్లండి. ఈ నెలాఖరు వరకు బిల్లులో దొర్లిన తప్పుకు ఎవరి జీతంలోనూ ఒక్క రూపాయి కోయను. కానీ తప్పు జరిగిన వెంటనే నాకు చెప్పాలి. చెప్పిన తప్పును అయిదు నిమిషాల్లో సరిచేయగలను, దాచిన తప్పును వెతకడానికి రాత్రంతా పడుతుంది."

ఈ మాట ఇచ్చిన తర్వాత యజమాని దానికి కట్టుబడలేడనుకుంటే అసలు ఇవ్వకూడదు. మొదటి వారంలోనే ఒకరి జీతంలో వంద రూపాయలు కోస్తే, ఆ తర్వాత ఏ తప్పూ మన చెవిన పడదు.

అందరి ముందు ఒకే ఒక బిల్లు

ఇది ఈ ప్రసంగానికి గుండెకాయ, దీనికి అయిదారు నిమిషాలు కేటాయించాలి. నిజమైన సరుకులను బల్ల మీద పెట్టి, సిబ్బందిలో ఒకరి చేత బిల్లు చేయించాలి. యజమాని చేతులు కీబోర్డు మీద పడకూడదు. సరుకులను కూడా తప్పులకు చోటున్నవాటిగా ఏరి పెట్టుకోవాలి. నేను పెట్టినవి మూడే రకాలు: ముప్పావు కిలో కందిబేడలు, రెండు కిలోల చక్కెర, మూడు సబ్బులు.

మొదట కందిబేడలు. కిలో 160 రూపాయలు. కౌంటర్‌లోని అమ్మాయి అట్ట చూసి 11 నొక్కింది, పరిమాణం అడిగితే తూకం మీద కనపడినట్టు 750 అని కొట్టింది. తెర మీద 1,20,000 రూపాయలు వచ్చింది. అందరూ ఒక్కసారి ముందుకు వంగి చూశారు. సాఫ్ట్‌వేర్ కిలోల్లో అడుగుతుంది, మనం గ్రాముల్లో ఆలోచిస్తాము, కాబట్టి ముప్పావు కిలోను 0.750 అని కొట్టాలి, అప్పుడు 120 రూపాయలు వస్తుంది. లక్షా ఇరవై వేలు కంటికి కనపడే తప్పు కాబట్టి దానితో ప్రమాదం లేదు. చుక్క ఒక స్థానం జరిగి 7.50 అని పడితే 1,200 అవుతుంది, 0.075 అని పడితే 12 రూపాయలే అవుతుంది. ఇరవై సరుకుల బిల్లు మధ్యలో ఈ రెండూ కలిసిపోతాయి, మొదటి దానితో కొనుగోలుదారు నష్టపోతారు, రెండవ దానితో అంగడి నష్టపోతుంది. అందుకని లూజు సరుకు కొట్టిన ప్రతిసారీ పరిమాణాన్ని కాదు, ఆ వరుస చివర వచ్చిన రూపాయలను చూసి నోటితో బయటికి చదవమని చెప్పాను. "కందిబేడలు నూటిరవై" అని పలికితే ఎదుట ఉన్న కొనుగోలుదారు కూడా వింటారు, తేడా ఉంటే వారే చెప్తారు.

తర్వాత సబ్బులు. మూడూ ఒకే కంపెనీవి, ఒకే ధర, కానీ రెండు గంధం వాసనవి, ఒకటి నిమ్మ వాసనది. కౌంటర్‌లో మనిషి సహజంగా ఒకటి స్కాన్ చేసి పరిమాణం మూడు అని కొడతారు. చేతి బిల్లులో "సబ్బులు 3" అని రాసిన అలవాటు అది. డబ్బు సరిగ్గానే వస్తుంది, స్టాకు మాత్రం చెడుతుంది: అలమరలో ఉన్న గంధం సబ్బులకంటే తెర మీద ఒకటి తక్కువ కనపడుతుంది, నిమ్మ సబ్బు ఒకటి ఎక్కువ కనపడుతుంది. ఇలా రెండు నెలలు సాగితే తెర మీద స్టాకును ఎవరూ నమ్మరు, మళ్లీ అలమరలు ఎక్కి లెక్కపెట్టడమే మిగులుతుంది. ధర ఒకటే కదా అని ఒక సరుకును మరొక సరుకు పేరుతో కొట్టకూడదన్న నియమాన్ని ఈ మూడు సబ్బులను చేతిలో పట్టుకునే చెప్పాలి, ఉట్టి మాటలతో చెప్తే మనసులో నిలవదు.

సబ్బుల దగ్గరే ఇంకొక ముడి ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె వంటివాటి మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, కంపెనీలు ఎంఆర్‌పీలు మార్చాయి. ధర మారినా పెట్టె మీద బార్‌కోడ్ చాలాసార్లు అదే ఉంటుంది. అలాంటి సరుకును స్కాన్ చేసినప్పుడు సాఫ్ట్‌వేర్ రెండు ధరలు చూపి ఏది అని అడుగుతుంది. కంగారులో చేయి మొదటి వరుస మీదే ఎంటర్ నొక్కుతుంది. అప్పుడు ఆగి, సరుకును తిప్పి, దాని మీద అచ్చయిన ధరను చదివి, అదే వరుసను ఎంచుకోవాలి. అచ్చయిన ఎంఆర్‌పీకి మించి ఒక్క రూపాయి తీసుకున్నా అది చట్టప్రకారం నేరం కాబట్టి ఈ ఒక్క విషయంలో వరుస ఎంత పొడవున్నా తొందరపడవద్దని గట్టిగా చెప్పాను. మా సబ్బు ధర 38 రూపాయలు, మూడింటికి 114.

చక్కెర రెండు కిలోలు 46 చొప్పున 92 రూపాయలు. బిల్లు ముద్రించే ముందు పెద్దన్నను మొత్తం ఎంతో చెప్పమన్నాను. ఆయన కళ్లు మూసి "మూడు వందల ఇరవై ఆరు" అన్నారు. కాగితం బయటికి వచ్చింది, 326 అని ఉంది.

ఆ కాగితాన్ని అందరి చేతుల్లోనూ తిప్పించాలి, ఎందుకంటే కొనుగోలుదారులు అడిగే మొదటి ప్రశ్న దాని మీదే ఉంటుంది. కింద కేంద్రం జీఎస్టీ, రాష్ట్రం జీఎస్టీ అని రెండు అంకెలు చూడగానే, "చేతి బిల్లులో ఇది లేదే, పైన పన్ను వేశారా?" అని అడుగుతారు. జవాబు ఇది: "లేదమ్మా, ధరలోనే ఉన్న పన్నును విడదీసి చూపిస్తోంది." 114 రూపాయల సబ్బుల్లో దాదాపు అయిదు రూపాయల నలభై పైసలు, 92 రూపాయల చక్కెరలో దాదాపు నాలుగు రూపాయల నలభై పైసలు పన్ను, ఆ రెంటినీ కలిపి రెండు సగాలుగా అచ్చు వేస్తుంది. లూజుగా తూచి ఇచ్చిన కందిబేడలకు పన్ను లేదు కాబట్టి అక్కడ సున్నా ఉంటుంది. కౌంటర్‌లోని ప్రతి మనిషి ఈ ఒక్క వాక్యం తడుముకోకుండా చెప్పగలగాలి, అందుకే ముగ్గురి చేతా ఒక్కొక్కసారి పలికించాను.

తప్పు పడినప్పుడు చేయి ఎటు వెళ్లాలి

డబ్బు తీసుకోకముందు తప్పు కనపడితే ఆ వరుసను మాత్రం తీసేసి మళ్లీ కొట్టవచ్చు, ఎవరినీ అడగనక్కరలేదు. బిల్లు అచ్చయి డబ్బు చేతులు మారిన తర్వాత మాత్రం దాన్ని చెరపకూడదు. బిల్లు నంబర్లు ఆర్థిక సంవత్సరమంతా వరుసగా నడవాలన్నది జీఎస్టీ నిబంధన. 218 తర్వాత 220 ఉండి 219 మాయమైతే, ఆ లోటు ఎందుకు వచ్చిందో అడిగినవారికి యజమాని చెప్పుకోవాలి. కొనుగోలుదారు సరుకు వెనక్కి తెస్తే పాత బిల్లును ముట్టుకోకుండా, దాని నంబరుతో రిటర్న్ నమోదు చేయాలి. రద్దు, రిటర్న్, తగ్గింపు మూడూ మొదటి నెల నా పాస్‌వర్డ్‌తోనే జరిగేలా అమర్చాను. ఇది అపనమ్మకంతో చేసినది కాదని, కౌంటర్‌లో కొనుగోలుదారు ఒత్తిడి చేస్తే "మా అన్నే చేయాలి సార్" అని చెప్పే వీలు వారికి ఉండాలనే చేశానని వివరించాను.

కొనుగోలుదారు "ఉండమ్మా, నూనె మరిచాను" అని లోపలికి వెళ్లిన సందర్భం రోజుకు పదిసార్లు వస్తుంది. అప్పుడు ఆ బిల్లును హోల్డ్‌లో పెట్టి వెనక ఉన్నవారి బిల్లు మొదలుపెట్టాలి. మొదటి రోజు నేర్పవలసిన కీ ఇదొక్కటే, దాన్ని ముగ్గురి చేతా మూడేసిసార్లు నొక్కించాలి.

ఇంకొక చిన్న సంగతి. కళ్ల ముందు సరుకు ఉన్నా, తెర మీద స్టాకు సున్నా అని చూపించి బిల్లు ఆగిపోవచ్చు. స్టాకు ఎక్కించడంలో మనం చేసిన పొరపాటు అది. మొదటి నెల సున్నా కంటే తక్కువకు వెళ్లినా బిల్లు ఆగకుండా సెట్టింగు పెట్టుకుని, అలాంటి సరుకు పేరును ఒక కాగితం మీద రాసి నాకు ఇమ్మని చెప్పాను.

కరెంటు పోయినప్పుడు

యూపీఎస్ ఉన్నది వ్యాపారం సాగించడానికి కాదు, చేతిలో ఉన్న బిల్లు ముగించి కంప్యూటర్‌ను సరిగ్గా ఆపడానికి. ఆ తర్వాత చేతి పుస్తకం తీయవచ్చు, కానీ అది పాత పుస్తకం కాకూడదు. నంబర్లకు ముందు వేరే అక్షరంతో కొత్తగా అచ్చు వేయించిన పుస్తకం ఒకటే ఉండాలి, అది నా బల్ల దగ్గరే ఉండాలి. వేర్వేరు వరుసల్లో బిల్లు నంబర్లు నడపడానికి జీఎస్టీ అనుమతిస్తుంది. కరెంటు వచ్చిన తర్వాత ఒక్కరే కూర్చుని ఆ బిల్లులను అవే నంబర్లతో సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, ఎక్కించిన ప్రతి చేతి బిల్లు మీదా ఎర్ర పెన్నుతో గీత గీయాలి. ఇద్దరు పంచుకుంటే ఒకే బిల్లు రెండుసార్లు పడుతుంది. పాత పుస్తకాలన్నిటినీ ఆ ఉదయమే అందరూ చూస్తుండగా అట్టపెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కించాను.

రాత్రి పది నిమిషాలు

ఉదయం మాటలు ముగిస్తూ ఒక సంగతి చెప్పి ఉంచాలి: షట్టర్ దించిన తర్వాత అందరూ పది నిమిషాలు ఆగాలి, లెక్క అందరి ముందే చూస్తాము. ప్రసంగంలో సగభాగం నిజానికి అక్కడే ఉంది, ఉదయం ఇచ్చిన మాట నిలబడుతుందో లేదో తేలేది ఆ పది నిమిషాల్లోనే.

మళ్లీ మొదలుపెట్టిన ఆ రోజు రాత్రి ఒక కౌంటర్ లెక్క ఇలా వచ్చింది. ఉదయం డ్రాయర్‌లో చిల్లర కోసం పెట్టినది 2,000. సాఫ్ట్‌వేర్ చూపిన నగదు అమ్మకం 22,600. కాబట్టి డ్రాయర్‌లో 24,600 ఉండాలి. లెక్కపెడితే 24,180 వచ్చింది. 420 రూపాయలు తక్కువ. ఆ కౌంటర్‌లోని అబ్బాయి ముఖం పాలిపోయింది. నేను ఏమీ అనకుండా యూపీఐ లెక్క తీయమన్నాను. సాఫ్ట్‌వేర్‌లో యూపీఐ అమ్మకం 15,310 అని ఉంది, ఖాతాలో పడినది మాత్రం 15,730. అంటే అక్కడ సరిగ్గా 420 ఎక్కువ. డబ్బు ఎక్కడికీ పోలేదు. ఒకరు ఫోన్‌తో చెల్లించారు, సౌండ్ బాక్సు పలికింది, అబ్బాయి మాత్రం అలవాటుగా నగదు అని నొక్కాడు. నగదు బిల్లుల్లో 420 రూపాయల బిల్లు వెతికితే సాయంత్రం ఏడు దాటిన తర్వాత చేసినది ఒకటి దొరికింది. చెల్లింపు పద్ధతిని అందరి ముందు మార్చాను, రెండు లెక్కలూ కలిశాయి.

మొదటి వారం రాత్రుల్లో కనపడే తేడాల్లో ఎక్కువ భాగం ఇదే కోవకు చెందినవి. నగదులో ఎంత తక్కువో యూపీఐలో అంతే ఎక్కువ ఉంటే అది నొక్కడంలో పొరపాటు. కొంత నగదు, కొంత ఫోన్ ఇచ్చిన బిల్లును రెండుగా విడగొట్టకుండా మొత్తం ఒకే పద్ధతిలో కొట్టినా ఇలాగే వస్తుంది, కాకపోతే అప్పుడు తేడా ఏ ఒక్క బిల్లు మొత్తంతోనూ సరిపోదు, దాన్ని యూపీఐ ఖాతాలో పడిన మొత్తాల పక్కన బిల్లులను పెట్టుకుని చూడాలి. యూపీఐ సరిగ్గా ఉండి నగదు మాత్రమే తగ్గితే అది చిల్లర ఇవ్వడంలో జరిగిన తప్పో, బిల్లు అచ్చయిన తర్వాత కొనుగోలుదారు డబ్బు ఇవ్వకుండా వెళ్లినదో కావచ్చు. దాన్ని తేదీ, కౌంటర్ వేసి ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఉదయం చెప్పినట్టే ఆ నెల దాన్ని ఎవరి దగ్గరా వసూలు చేయకూడదు.

లెక్క కలిసిన తర్వాత ఆ రోజు ఎక్కడెక్కడ ఆగిపోయారో ఒక్కొక్కరినీ అడిగాను. లూజు సరుకుల్లో ధనియాలకు కోడ్ ఇవ్వడం మరిచిపోయామని కౌంటర్‌లోని అమ్మాయి చెప్పింది. పెద్దన్న పెన్ను తీసుకుని అట్ట మీద చివరి వరుసలో ధనియాలు 43 అని రాశారు.